కాహళధ్వని ఎక్కడిది?

హైదరాబాదు నగరంలోని ఉప్పల్ క్రికెట్ మైదానంలో ఐ.పి.ఎల్. పోటీ జరుగుతున్న సాయంకాలాన్ని ఊహించుకోవాలి. ఒక ఓవరు ముగిసింది. క్షేత్రరక్షకులు తమ తమ స్థానాలు మారుతున్నారు. అంతలో ధ్వనివర్ధకాల నుండి ఒక బాకా ఒంటరిగా మోగుతుంది. వెనుక తాళం లేదు, పాట లేదు, మాట లేదు. కొన్ని స్వరాలు ఎగసి, చివరి స్వరం కొంతసేపు నిలిచి ఆగిపోతుంది. ఆ ఆగిన చోట వేలాది కంఠాలు ఒక్కసారిగా కేక వేస్తాయి. ఆ కేక ఎప్పుడు వేయాలో ఆ జనానికి ఎవరూ నేర్పలేదు. 2008లో ఈ పోటీలు ఆరంభమైన నాటి తరువాత పుట్టిన పిల్లలకు సైతం ఆ బాకా పలుకు తమ ఇంటి పెరటి కోకిల కూతంత పరిచితం.

దానిని కట్టినవారెవరని అడిగితే మాత్రం చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే: “అది ఐ.పి.ఎల్. పాట కదా!” ఇది సమాధానం కాదు. ఎక్కడ విన్నామో చెప్పడమే కాని ఎక్కడ పుట్టిందో చెప్పడం కాదు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యాలన్నీ శ్రీనాథుడే చెప్పాడని నమ్మడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. చాటువు ఎంత ప్రసిద్ధమైతే అంత ప్రసిద్ధుడైన కవి ఖాతాలో దానిని జమకట్టడం లోకరీతి. పరిశోధకుడు అక్కడ ఆగడు. ఏ ప్రతిలో మొదట కనబడింది, అంతకుముందటి ప్రతి ఏది, పాఠభేదాలేమిటి అని వెనుకకు నడుస్తాడు. మైదానంలో మోగిన బాణీ విషయంలోనూ నడవవలసిన దారి అదే. దారిలోని గుర్తులు మాత్రం వేరు.

మొట్టమొదట గమనించవలసినది ఆ సంగీతం ఏ సందర్భంలో మోగిందన్నది. పోటీ ఆరంభానికి ముందు రెండు జట్లు వరుసలో నిలబడినప్పుడు మోగేది గీతం. అది జాతిదో జట్టుదో అయి ఉంటుంది. బ్యాటు పట్టిన ఆటగాడు మెట్లు దిగి మైదానంలోకి నడిచి వచ్చేటప్పుడు మోగేది ప్రవేశసంగీతం. సాధారణంగా అది ఏదో చలనచిత్రగీతంలోనిదో, ప్రజాదరణ పొందిన పాటలోనిదో అయిన చిన్న తునక. ఆట మధ్య విరామాలలో జనాన్ని కదిలించడానికి మోగేది పిలుపు. ఉప్పల్‌లో వినిపించిన బాకా ఈ మూడవ జాతికి చెందినది. ఈ విభజన తెలిస్తే వెదకవలసిన చోటు సగం తెలిసినట్లే. గీతాన్ని దేశాల, జట్ల గీతాలలో వెదకాలి. ప్రవేశసంగీతాన్ని పాటల నిధులలో వెదకాలి. పిలుపును మాత్రం ఎక్కడైనా వెదకవలసి వస్తుంది; ఎందుకంటే అది తన తల్లిపాట నుండి తెగిపోయి వచ్చిన ముక్క.

నేటి యువతీయువకులు ఇటువంటి సందర్భంలో మొదట చేసే పని చేతిలోని ఫోనును పైకెత్తడం. పాటను విని పేరు చెప్పే ఉపకరణాలలో ‘షాజామ్’ పేరుపొందినది. 2002లో అది బ్రిటన్‌లో మొదలైనప్పుడు స్మార్టుఫోనులు లేవు. 2580 అనే సంఖ్యకు ఫోను చేసి, పాట మోగుతున్న వైపు దానిని పట్టుకుంటే, కొంతసేపటికి పాట పేరు సంక్షిప్తసందేశంగా వచ్చేది. ఆ పద్ధతిని రూపొందించిన ఏవరీ వాంగ్ 2003లో దానిని ఒక పరిశోధనపత్రంలో వివరించాడు. అందులోని కిటుకు చాలా సరళమైనది. ధ్వనిని ఒక పటంగా మార్చుకోవచ్చు. ఎడమ నుండి కుడికి కాలం, కింది నుండి పైకి శ్రుతి. ఆ పటంలో అన్నిటికంటె బిగ్గరగా ఉన్న బిందువులను మాత్రమే ఉంచుకొని తక్కినదంతా చెరిపివేస్తారు. మిగిలేది అమావాస్య రాత్రి ఆకాశంలోని నక్షత్రాలవంటి చుక్కల గుంపు. ఒక్కొక్క చుక్కను సమీపంలోని మరొక చుక్కతో జతచేసి, మొదటిదాని శ్రుతి, రెండవదాని శ్రుతి, వాటి నడుమ కాలవ్యవధి అనే మూడు అంకెలను వ్రాసుకుంటారు. లక్షలాది పాటలకు ఇటువంటి అంకెలు ముందుగానే భద్రపరచి ఉంటాయి. ఫోను విన్న చుక్కల జతలు ఒకే పాటలో, ఒకే వరుసలో, అవే కాలాంతరాలతో పెద్దసంఖ్యలో సరిపోతే పేరు దొరికినట్లే.

జనఘోష నడుమ కూడా ఇది పనిచేయడానికి కారణం ఇదే. ఘోష కొత్త చుక్కలను చేరుస్తుంది కాని, పాటలో ప్రకాశవంతంగా ఉన్న చుక్కలన్నిటిని చెరిపివేయలేదు. అయితే ఇక్కడ ఒక విషయాన్ని బాగా అర్థం చేసుకోవాలి. ఈ ఉపకరణం గుర్తుపట్టేది బాణీని కాదు, ఒక ముద్రణను. ఒకే కీర్తనను ఒకే విద్వాంసుడు రెండు కచేరీలలో పాడితే మనకు అది ఒకే కీర్తన. చుక్కల పటానికి రెండూ వేర్వేరు. శ్రుతి కొంచెం మారినా, నడక కొంచెం వేగమైనా అంకెలు సరిపోవు. ఒక కావ్యాన్ని గుర్తించడానికి, ఆ కావ్యపు ఒకానొక తాళపత్రప్రతిని గుర్తించడానికి గల భేదమే ఇక్కడ ఉన్నది. ఉపకరణం ప్రతిని పట్టుకుంటుంది. కావ్యాన్ని మనమే పట్టుకోవాలి.

మైదానంలో ఆ ప్రతి కూడా తరచు చేజారిపోతుంది. దానికి ప్రధానకారణం ధ్వనివేగం. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పయనిస్తుంది. ప్రేక్షకునికి దగ్గరలో ఒక ధ్వనివర్ధకం ఉండి, మైదానానికి ఆవలి వైపు 170 మీటర్ల దూరంలో మరొకటి ఉన్నదనుకుంటే, రెండవదాని నుండి వచ్చే స్వరం అర సెకను ఆలస్యంగా చెవిని చేరుతుంది. అంటే ప్రతి స్వరమూ రెండుమార్లు, ఒకదానిమీద ఒకటి పడి వినిపిస్తుంది. మన చెవి దానిని సరిదిద్దుకుంటుంది. చుక్కల పటం అంత తేలికగా సరిదిద్దుకోలేదు. సంగీతాన్ని నడిపే వ్యక్తి ఉత్సాహం కోసం పాట వేగాన్ని పెంచడం, వ్యాఖ్యాత గొంతు మధ్యలో వచ్చిపడడం, తునక అయిదారు సెకన్లకే ముగిసిపోవడం తక్కిన కారణాలు. అందుచేత ఫోనును గాలిలోకి ఎత్తి కేకలు వేస్తూ ప్రయత్నించడం వలన ఫలితం తక్కువ. దగ్గరగా ఉన్న ధ్వనివర్ధకం వైపు ఫోనును తిప్పి, జనం కేక మొదలుకాక ముందటి కొద్ది క్షణాలను ముద్రించుకొని, అది ఎప్పుడు మోగిందో, ఎవరు మైదానంలోకి వచ్చినప్పుడు మోగిందో వ్రాసుకొని, ఇంటికి వెళ్ళి నిశ్శబ్దంలో వినడం మేలు. ఆ వ్రాసుకున్న రెండు మాటలే తరువాత ఎక్కువగా పనికివస్తాయి.

ముద్రణ దొరకనప్పుడు బాణీనే పట్టుకొని వెదకడానికి ఒక పాత ఉపాయం ఉన్నది. సంగీతజ్ఞానం లేనివారికి కూడా అది అందుబాటులో ఉంటుంది. 1975లో డెనిస్ పార్సన్స్ అనే ఆంగ్లేయుడు బాణీల సూచికగ్రంథం ఒకటి ప్రచురించాడు. అందులో స్వరాల పేర్లతో పనిలేదు. ప్రతి స్వరమూ తన ముందటి స్వరం కంటె పైకి వెళ్ళినదా, కిందికి దిగినదా, అక్కడే ఉన్నదా అన్నది మాత్రమే చూస్తారు. మన జాతీయగీతం ఎత్తుగడను ఈ విధంగా వ్రాయవచ్చు. మొదటి స్వరం తరువాత వరుసగా రెండుసార్లు పైకి; ఆపైన చాలాసేపు అక్కడే, అక్కడే, అక్కడే; పిమ్మట ఒకమారు కిందికి, వెంటనే రెండుమార్లు పైకి. షడ్జమం ఏదో, రిషభం ఏదో తెలియనివాడు కూడా కూనిరాగం తీస్తూ దీనిని వ్రాయగలడు. గీతాన్ని ఏ శ్రుతిలో వాయించినా, ఏ దేశపు వాద్యబృందం వాయించినా ఈ ఎగుడుదిగుడుల వరుస మారదు. పది పదిహేను స్వరాలు వచ్చేసరికి ఇటువంటి వరుస ఉన్న బాణీలు బహుకొద్దిగా మిగులుతాయి. 2020లో గూగుల్ ప్రవేశపెట్టిన, కూనిరాగం తీస్తే పాటను వెదికే సౌకర్యం కూడా మూలంలో ఇటువంటి ఆలోచన మీదనే నిలిచింది. పాడినవాని గొంతు, వాద్యం, శ్రుతి అన్నీ విడిచి, మిగిలిన స్వరరేఖను అది పోల్చి చూస్తుంది. పది పదిహేను సెకన్లు ఆగకుండా కూనిరాగం తీయాలి. పదాలు పాడకుండా ఉంటేనే మంచిది.

ఇప్పుడు ఉప్పల్ బాకా వద్దకు తిరిగి వద్దాం. దానిని వెదికేవారికి మొదట ఎదురయ్యేవి ఇటీవలి ముద్రణలు. ఐ.పి.ఎల్. పేరు పెట్టుకొన్నవి, ఆ బాకాను వాడుకొని ఎవరెవరో చేసిన నృత్యగీతాలు ఇందులో ఉంటాయి. ఫోను ఉపకరణం వీటిలో ఒకదాని పేరు చూపితే దానిని ముద్రించినవానినే కర్తగా భావించే ప్రమాదం ఉన్నది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ బాణీ 2008కి ముందటి ముద్రణలో ఎక్కడైనా ఉన్నదా? ఉన్నదని తేలితే ఐ.పి.ఎల్. కోసం పుట్టిందన్న మాట ఆ క్షణంలోనే వీగిపోతుంది.

ఉన్నది. చిలీలో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన మెందెస్ అనే గాయకుడు 2008కి ముందే ‘రేజర్ టంగ్’ అనే నృత్యగీతాన్ని వెలువరించాడు. అందులో ఇదే బాకా పలుకు స్పష్టంగా వినిపిస్తుంది. ఐ.పి.ఎల్. కంటె అది పెద్దది. అక్కడే ఆగితే మెందెస్ కర్త అవుతాడు. కాని ఆ గీతంలో బాకా పలుకుకూ తక్కిన పాటకూ అతుకు కనబడుతూనే ఉంటుంది. పాత పట్టుచీర అంచును కత్తిరించి కొత్త గుడ్డకు కుట్టినట్లుంటుంది. బాకా ఒక లోకానిది, వెనుకనున్న యంత్రతాళం మరొక లోకానిది. ఇటువంటి అతుకు కనిపించినప్పుడల్లా ఇంకొక మెట్టు దిగి చూడాలి.

ఆ మెట్టు దిగితే చేరేది స్పెయిన్ దేశం. ఆ పలుకు ‘ఎన్ ఎర్ ముందో’ అనే పసదోబ్లేకు ఎత్తుగడ. పసదోబ్లే అంటే జంట అడుగు. రెండు మాత్రల నడకతో సాగే, కవాతును పోలిన స్పానిష్ సంగీతరూపం. దానికీ వృషభయుద్ధరంగానికీ విడదీయరాని సంబంధం. యోధులు రంగంలోకి బారులు తీరి నడిచి వచ్చే ప్రవేశోత్సవాన్ని అక్కడ ‘పసెయీయో’ అంటారు. ఆ వేళ వాద్యబృందం వాయించేది పసదోబ్లేయే. అనగా మన మైదానంలో నేడు ఆట విరామంలో మోగుతున్న ఈ ముక్క, పుట్టుకచేత ప్రవేశసంగీతపు వంశానికి చెందినది. తల్లిపాటలో బాకా ముగియగానే వాద్యబృందమంతా రెండు మాత్రల నడకతో అందుకుంటుంది. మనకు వినిపించేది ఆ బృందం అందుకోకముందటి తునక మాత్రమే. తరువాత రావలసిన బృందవాద్యం స్థానంలో జనం కేక వచ్చి కూర్చున్నది. ఐరోపాలోని ప్రేక్షకులు అదే చోట “ఓలే” అని అరుస్తారు.

దీని కర్తలు ఇద్దరు: హువాన్ కింతేరో మున్యోస్, హేసుస్ ఫెర్నాందెస్ లొరెన్సో. కింతేరో స్పెయిన్‌లో పేరుగాంచిన చలనచిత్ర సంగీతకర్త. అతడు 1980లో మరణించాడు. ఐ.పి.ఎల్. అప్పటికింకా ఎవరి ఊహలోనూ లేదు. కాలనిర్ణయానికి ఇంతకంటె బలమైన ఆధారం అక్కరలేదు.

పేరు విషయంలో ఒక చిక్కు ఉన్నది. అది భాషాధ్యయనం చేసేవారికి ఆసక్తి కలిగిస్తుంది. స్పానిష్ భాషలో ‘ప్రపంచంలో’ అనడానికి శిష్టరూపం ‘ఎన్ ఎల్ ముందో’. దక్షిణప్రాంతమైన అందలూసియా వాడుకలో ‘ఎల్’ కాస్తా ‘ఎర్’ అయి పలుకుతుంది. కర్తలు ఆ మాండలికోచ్చారణనే పాట పేరుగా నిలిపారు. స్పానిష్ తెలిసిన పండితుడెవరైనా దీనిని అచ్చుతప్పుగా భావించి ‘ఎర్’ను ‘ఎల్’గా దిద్ది వెదికితే వేరే పాటలు తగులుతాయి కాని ఇది తగలదు. మన ప్రాచీనప్రతులలో లేఖకుల ‘తప్పు’లను దిద్దబోయి అసలు పాఠాన్నే పోగొట్టిన పరిష్కర్తలు లేకపోలేదు. పేరును ఉన్నది ఉన్నట్లుగా పట్టుకోవడం అన్వేషకునికి ప్రాథమికధర్మం.

దొరికినది నిజంగా అదేనా, పోలికవలన కలిగిన భ్రమా అన్నది పరీక్షించుకోవడం ఇంకా మిగిలియున్నది. బాకా జాతి వాద్యాలలో ఈ భ్రమకు అవకాశం ఎక్కువ. సైనికులు ఊదే బ్యూగిల్‌కు మీటలు ఉండవు. ఊపిరి బలాన్ని, పెదవుల బిగువును మార్చి దానిమీద పలికించగల స్వరాలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. ఆ కొద్దిపాటి స్వరాలతో కట్టినవి కనుక బ్యూగిల్ పిలుపులన్నీ అన్నదమ్ములవలె ఉంటాయి. మొదటి మూడు నాలుగు స్వరాలు కలిసినంతమాత్రాన రెండు పిలుపులు ఒకటే అనడానికి వీలులేదు. మీటలు గల ట్రంపెట్ సంగతి వేరు. అది పక్కపక్క స్వరాలమీద కూడా నడవగలదు. మన బాకా పలుకు బ్యూగిల్ స్వరాలకు పరిమితమైనది కాదు. కాబట్టి పోల్చవలసినది ఎగసిన మొదటి స్వరాలను కాదు, ఆ తరువాత మెలిక తిరిగే భాగాన్ని. ఎగుడుదిగుడుల వరుస వ్రాసి రెండింటిని పక్కపక్కన ఉంచి, మొదటి నుండి నిలిచిపోయే చివరి స్వరం దాకా చూడాలి. నిలిచే స్వరం ఒకే చోట నిలవాలి, ముందటి మెలిక ఒకే విధంగా తిరగాలి. పసదోబ్లే ఎత్తుగడను, మైదానపు బాకాను ఈ విధంగా పోల్చినవారికి సందేహం మిగలదు.

గీతాల విషయంలో చిక్కు మరొక రకమైనది. ప్రపంచకప్పు పోటీలలో రెండు జట్లు వరుసలో నిలబడినప్పుడు జాతీయగీతాలు మోగడం పరిపాటి. వెస్టిండీస్ జట్టు వంతు వచ్చినప్పుడు మాత్రం కవాతు నడకను పోలిన గంభీరగీతానికి బదులు కరేబియన్ దీవుల కాలిప్సో జాతికి చెందిన పాట వినిపిస్తుంది. దానిని ఏదో ఒక దేశపు జాతీయగీతంగా భావించి వెదికేవారికి అది ఎంతమాత్రం దొరకదు. వెస్టిండీస్ అనే పేరు గల దేశం లేకపోవడమే దానికి కారణం. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్ టొబాగో, గయానా మొదలైన వేర్వేరు దేశాల ఆటగాళ్ళు ఒకే జట్టుగా ఆడుతున్నారు. ప్రతి దేశానికీ దాని గీతం దానికి ఉన్నది. ఏ ఒక్కదానిని వాయించినా తక్కినవారు తమది కాని గీతానికి నిలబడవలసి వస్తుంది. అందుకని ట్రినిడాడ్‌కు చెందిన గాయకుడు డేవిడ్ రడ్డర్ 1980ల చివరిభాగంలో వెలువరించిన ‘ర్యాలీ రౌండ్ ది వెస్టిండీస్’ అనే పాటను జట్టు తన గీతంగా స్వీకరించింది. ఐర్లాండ్ క్రికెట్ జట్టుదీ ఇటువంటి పరిస్థితే. ఐర్లాండ్ గణతంత్రం నుండి, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్ నుండి కూడా ఆ జట్టులో ఆటగాళ్ళుంటారు. ఆ జట్టుకు మోగే ‘ఐర్లండ్స్ కాల్’ 1995లో రగ్బీ జట్టుకోసం ఫిల్ కౌల్టర్ వ్రాసినది. ఈ రెండు సందర్భాలలోనూ పాటను గుర్తించడానికి చెవి కంటె చరిత్ర, భూగోళం ఎక్కువగా తోడ్పడతాయి.

గీతాన్నీ సంబరగీతాన్నీ కలగలపడం కూడా పరిపాటి. 2016 ఏప్రిల్ 3న కోల్‌కతాలోని ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్ జట్టు ఇంగ్లాండును ఓడించి టీ20 ప్రపంచకప్పు గెలుచుకొన్నది. ఆ జట్టు ఆటగాళ్ళు ఆ దినాలలో నృత్యం చేసినది రడ్డర్ పాటకు కాదు. తమ సహచరుడు డ్వేన్ బ్రావో ఆ ఏడే విడుదల చేసిన ‘ఛాంపియన్’ అనే పాటకు. పోటీకి ముందు మోగినదా, గెలిచిన తరువాత మోగినదా అన్న ఒక్క చిన్న వివరం వ్రాసుకొని ఉంటే ఈ రెండింటిని ఎవరూ పొరపడరు.

బాణీ మూలాన్ని కనిపెట్టడం కొన్నిసార్లు కేవలం కుతూహలంతో ముగియదు. ‘మెన్ ఎట్ వర్క్’ అనే ఆస్ట్రేలియా బృందం 1981లో ‘డౌన్ అండర్’ అనే పాటను విడుదల చేసింది. ఆస్ట్రేలియా ప్రజలు దానిని తమ రెండవ జాతీయగీతంగా భావించేటంతగా అది వ్యాపించింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో ఆ బృందమే మైదానంలో నిలిచి దానిని పాడింది. ఆ పాటలో గ్రెగ్ హామ్ వేణువుమీద వాయించిన ఒక చిన్న స్వరఖండం ఉన్నది. పాట విన్నవారందరూ ఆ వేణువును గుర్తుంచుకున్నారు. అది ఎక్కడిదని మాత్రం ఇరవైయేండ్లకు పైగా ఎవరూ ఆలోచించలేదు.

2007లో ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసారసంస్థ నిర్వహించే ఒక సంగీతప్రశ్నావళి కార్యక్రమంలో ఆ వేణువును వినిపించి, ఇందులో ఏ బాలగీతం దాగి ఉన్నదని అడిగారు. అది మెల్బోర్న్ ఉపాధ్యాయిని మేరియన్ సింక్లేర్ 1930లలో బాలికల గైడ్ సంస్థకోసం కట్టిన ‘కూకబరా’ పాట. ఆస్ట్రేలియాలో బడికి వెళ్ళిన పిల్లలకు తెలియని పాట కాదది. అయినప్పటికీ ఇంతకాలం చెవిని పడకపోవడానికి కారణం లేకపోలేదు. బాలగీతంలో ఉల్లాసంగా వినిపించే స్వరఖండం కింద, కొత్తపాటలో వేరే స్వరసంయోజన వచ్చి చేరింది. ఖండాన్ని ముక్కలుగా విడగొట్టి మధ్యమధ్య వేరే స్వరాలను పొదిగారు. పైకీ కిందికీ వెళ్ళే వరుస అదే అయినా దాని చుట్టూ ఉన్న వాతావరణం మారిపోవడంతో చెవి మోసపోయింది. ఎగుడుదిగుడుల వరుసను వ్రాసి చూచేవానికి దొరకగలిగిన పోలిక, మామూలుగా వినేవానికి దొరకలేదు.

సింక్లేర్ 1988లో మరణించింది. ఆమె పాటపై హక్కులు ఆ తరువాత ఒక సంగీతప్రచురణసంస్థ చేతికి వెళ్ళాయి. ప్రశ్నావళి ప్రసారమైన పిమ్మట ఆ సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2010 ఫిబ్రవరిలో న్యాయస్థానం వేణుఖండంలో బాలగీతపు గణనీయభాగం పునరుత్పత్తి అయిందని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం జులైలో, 2002 నుండి లెక్కగట్టి ఆదాయంలో నూటికి 5 వంతులు చెల్లించాలని నిర్ణయించింది. కోరినది అంతకంటె చాలా ఎక్కువ. దక్కినది ఆ అయిదే. ఆ వేణుఖండం లేకపోయినా పాట పాటగానే నిలుస్తుందని బృందం వాదిస్తూ వచ్చింది.

ఆ మాటలో నిజం లేకపోలేదు కాని వేణువు ఊదిన గ్రెగ్ హామ్‌కు అది ఊరటనివ్వలేదు. ఎక్కడో చిన్ననాడు విన్న పాట తనకు తెలియకుండానే వేళ్ళలోకి వచ్చిందో, తెలిసే వచ్చిందో అన్నది ఎవరు తేల్చగలరు? ఇకమీదట లోకం తనను ఇతరుల బాణీని అనుకరించినవానిగా గుర్తుంచుకుంటుందని అతడు తీర్పు తరువాత ఆవేదనతో చెప్పాడు. 2012 ఏప్రిల్‌లో అతడు మరణించాడు. ఆ వేణుఖండం నేటికీ ఆస్ట్రేలియా క్రీడాప్రాంగణాలలో వినిపిస్తూనే ఉన్నది.